Gold Flash Crash: స్టాప్ లాస్ పెట్టినా నష్టం ఎందుకు ఆగలేదు? నిమిషాల్లో బంగారం ఎలా పడిందంటే..

2021 ఆగస్టు 9, సోమవారం. మన దగ్గర ఇంకా తెల్లవారలేదు. అంతర్జాతీయ మార్కెట్‌లో ఔన్స్ 1,760 డాలర్ల దగ్గర ఉన్న బంగారం కొద్ది నిమిషాల్లోనే 1,700 డాలర్ల దిగువకు జారిపోయింది. అదే రోజు మళ్లీ తేరుకుని 1,730 డాలర్ల ప్రాంతానికి వచ్చింది. కానీ స్టాప్ లాస్ పెట్టుకుని నిశ్చింతగా ఉన్నవాళ్లలో చాలామంది అప్పటికే, తాము అనుకున్న దానికంటే తక్కువ ధరకు బయటపడిపోయారు.

అసలేం జరిగింది?

అంతకుముందు శుక్రవారం అమెరికా ఉద్యోగాల లెక్కలు అంచనాలను మించి వచ్చాయి. వడ్డీ రేట్లు పెరుగుతాయన్న లెక్కతో ఆ రోజే బంగారం బాగా తగ్గింది. వారాంతం తర్వాత అమెరికా కామెక్స్ ఎక్స్ఛేంజ్ తెరుచుకునేది మన టైమ్ ప్రకారం సోమవారం తెల్లవారుజామున 3.30కి. ఆ టైమ్‌లో న్యూయార్క్, లండన్ ట్రేడర్లు ఉండరు. పైగా ఆ రోజు జపాన్, సింగపూర్‌లలో సెలవు. అంటే కొనేవాళ్లు చాలా తక్కువ. సరిగ్గా అప్పుడే అమ్మకాలు వచ్చి పడ్డాయి.

స్టాప్ లాస్ ఎక్కడ దెబ్బతింటుంది?

స్టాప్ లాస్‌లో మనం పెట్టే ధర ట్రిగ్గర్ మాత్రమే. ఆ ధర తగలగానే మన ఆర్డర్ మామూలు మార్కెట్ ఆర్డర్‌గా మారిపోతుంది. అంటే "ఇప్పుడు ఎవరు ఎంతకు కొంటే అంతకు అమ్మేయ్" అని చెప్పినట్టు. అవతల కొనేవాడు ఏ ధరకు ఉన్నాడన్నదే అసలు లెక్క.

ఓ ఉదాహరణ చూద్దాం. ఒక ట్రేడర్ 10 కాంట్రాక్టులకు 1,750 డాలర్ల దగ్గర స్టాప్ లాస్ పెట్టాడనుకుందాం. ట్రిగ్గర్ తగిలే సమయానికి 1,749 దగ్గర ఇద్దరు, 1,744 దగ్గర ముగ్గురు, 1,735 దగ్గర ఐదుగురు, ఒక్కొక్కరు ఒక్కో కాంట్రాక్టు కొనడానికి ఉన్నారు. ఆర్డర్ వరుసగా అందరినీ దాటుకుంటూ కిందికి వెళ్తుంది. సగటున పడే ధర 1,740.50. అంటే ఔన్స్‌కు 9.50 డాలర్లు అదనపు నష్టం. కామెక్స్ కాంట్రాక్టు ఒక్కోటి 100 ఔన్సులు కాబట్టి మొత్తం 9,500 డాలర్లు. దీన్నే స్లిపేజ్ అంటారు.

కథ అక్కడితో ఆగదు. ఈ అమ్మకంతో ధర 1,735కి దిగింది కదా, ఆ స్థాయిలో ఇతరులు పెట్టిన స్టాప్ లాస్‌లు కూడా ట్రిగ్గర్ అవుతాయి. అవి ధరను ఇంకా కిందికి లాగుతాయి. ఒక అమ్మకం ఇంకో అమ్మకాన్ని పుట్టిస్తూ పోతుంది. పగటిపూట అయితే మధ్యలో కొనేవాళ్లు వచ్చి ఆపేవాళ్లు.

మరి మన ఎంసీఎక్స్‌లో?

ఇక్కడ సమస్య ఇంకోలా ఉంటుంది. శుక్రవారం రాత్రి మూసిన ఎంసీఎక్స్ సోమవారం ఉదయం 9కే తెరుచుకుంటుంది. మధ్యలో బయట ఎంత పడినా ఇక్కడ అమ్మే అవకాశమే లేదు. పైగా డే ఆర్డర్‌గా పెట్టిన స్టాప్ లాస్ ఆ రోజు మార్కెట్ ముగియగానే రద్దయిపోతుంది. ఉదయం మళ్లీ పెట్టాల్సిందే.

గోల్డ్ మినీ లాట్ 100 గ్రాములు. ధర చూపించేది 10 గ్రాములకు. ఉదాహరణకు ఒకరు 46,500 దగ్గర బయటపడదామని అనుకున్నారు. ఉదయం మార్కెట్ నేరుగా 46,000 దగ్గర ఓపెన్ అయితే, లాట్‌కు రూ.5 వేలు అదనంగా పోయినట్టే. మధ్యలో ఉన్న 46,500 అనే ధర ఆ ఉదయం స్క్రీన్ మీద కనిపించనే లేదు.

లిమిట్ పెడితే సరిపోతుందా?

స్టాప్ లాస్‌కు లిమిట్ ధర కూడా జోడించొచ్చు. ట్రిగ్గర్ 1,750, లిమిట్ 1,745 అని పెడితే 1,745 కంటే తక్కువకు అమ్ముడుపోదు. కానీ ధర ఒక్కసారిగా 1,740కి దూకితే ఆర్డర్ అలాగే మిగిలిపోతుంది, పొజిషన్ కూడా మన మీదే ఉంటుంది. ఆగస్టు 9న కనిష్ఠ ధర దగ్గర అమ్మకుండా ఆగినవాళ్లు కొంత తేరుకున్నారు. ధర తిరిగి లేవని రోజైతే ఇదే లిమిట్ పెద్ద నష్టం తెచ్చిపెడుతుంది. ఒకటి తక్కువ ధరకు అమ్ముడుపోయే రిస్క్, ఇంకోటి అసలు అమ్ముడుపోని రిస్క్. రెండూ తప్పించే ఆర్డర్ లేదు.

ముందే గమనించాల్సింది ఒకటుంది. స్క్రీన్ మీద కొనే ధర, అమ్మే ధర మధ్య తేడా పెరిగి, మార్కెట్ డెప్త్‌లో పరిమాణాలు తగ్గిపోతే జనం పలచబడ్డారని అర్థం. అప్పుడు స్టాప్ లాస్ ధరను కాదు, దానికంటే బాగా కిందికి పడితే ఎంత పోతుందో లెక్కేసుకోవాలి. ఆ నష్టం తట్టుకోలేనిదైతే తగ్గించాల్సింది లాట్ల సంఖ్య. అది కూడా మార్కెట్ మూసేలోపే.