వైఫై పోతే మోటార్ షెడ్యూల్ కూడా పోవాలా? ఆర్‌టీసీ లేని 'స్మార్ట్' డివైజ్‌లతో అసలు తంటా

స్మార్ట్ ప్లగ్ రివ్యూల్లో యాప్ ఎలా ఉంది, వాయిస్ కమాండ్ వింటుందా అని అందరూ చూస్తారు. కరెంట్ పోయి వచ్చాక, ఇంటర్నెట్ లేకుండా దానికి టైమ్ తెలుస్తుందా అని మాత్రం ఎవరూ చూడరు. మా కొత్తగూడెం లాంటి ఊళ్లో నా లెక్క ప్రకారం మొదటి టెస్ట్ అదే కావాలి. వానాకాలంలో గాలివాన వచ్చిందంటే చెట్ల కొమ్మలు పడి కరెంట్, ఫైబర్ రెండూ ఒకేసారి పోతాయి. కరెంట్ ఆ రాత్రికే వస్తుంది, ఫైబర్‌కి ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది.

ఆ మధ్యలో ఏం జరుగుతుందో ఒక కేసు చూద్దాం. మా బాబాయి వాళ్లింట్లో సంపు నుంచి ట్యాంకుకి నీళ్లెక్కించే మోటార్ ఉంది. ఈఎస్‌పీ32 బోర్డు, రిలే, దాని వెనక కాంటాక్టర్. పొద్దున 5:30కి ఆన్, 5:50కి ఆఫ్. టైమ్ ఎన్‌టీపీ సర్వర్ నుంచి వస్తుంది. ఒక వాన రాత్రి 11:40కి కరెంట్ వచ్చింది, నెట్ రాలేదు. కరెంట్ వచ్చిన మరుక్షణం మోటార్ ఆన్ అయి 20 నిమిషాలు నడిచింది. అప్పటికే నిండుగా ఉన్న ట్యాంకు పొంగి నీళ్లన్నీ డాబా మీద. పొద్దున 5:30కి మాత్రం మోటార్ కదల్లేదు.

దెయ్యం పనేం కాదు. కరెంట్ పోతే ఈఎస్‌పీ32 టైమ్ మర్చిపోతుంది. మళ్లీ ఆన్ అయినప్పుడు 1970 జనవరి 1, యూటీసీ ప్రకారం 00:00 నుంచి లెక్క మొదలుపెడుతుంది. మన టైమ్ యూటీసీకి 5:30 గంటలు ముందు. అంటే నెట్ లేకుండా బూట్ అయిన ప్రతిసారీ బోర్డు దృష్టిలో టైమ్ సరిగ్గా పొద్దున 5:30! మోటార్ షెడ్యూల్ కూడా 5:30కే ఉండటం మన ఖర్మ. అసలు 5:30 అయ్యేసరికి బోర్డు గడియారంలో 11:20 అయింది, అందుకే మోటార్ కదల్లేదు.

దీనికి మందు డీఎస్3231 మాడ్యూల్. బటన్ సెల్‌తో నడిచే గడియారం, కరెంట్ పోయినా లెక్క ఆపదు. మామూలు 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గర సరిగా ఉండి, వేడెక్కే కొద్దీ నెమ్మదిస్తుంది. 45 డిగ్రీల్లో రోజుకు సుమారు 1.2 సెకన్లు, అంటే నెలకు అర నిమిషం పైన వెనకబడుతుంది. డీఎస్3231 తన టెంపరేచర్ తనే కొలిచి సరిచేసుకుంటుంది కాబట్టి 0 నుంచి 40 డిగ్రీల మధ్య ఏడాదికి తేడా సుమారు ఒక నిమిషమే. నిజం చెప్పాలంటే, ట్యాంకు మోటార్‌కి అర నిమిషం తేడా లెక్కే కాదు. పాత డీఎస్1307 వద్దనడానికి నా కారణం వేరే: దానికి 5 వోల్టులు కావాలి, ఈఎస్‌పీ పిన్నులు 3.3 వోల్టులవి.

అదే కారణంతో డీఎస్3231 మాడ్యూల్‌ని కూడా 3.3 వోల్టులకే కలపండి. మార్కెట్లో ఎక్కువగా దొరికే ZS-042 బోర్డులో సెల్‌ని చార్జ్ చేసే సర్క్యూట్ ఉంటుంది. అది రీచార్జబుల్ LIR2032 కోసం పెట్టింది. చాలామంది అందులో మామూలు CR2032 పెట్టి 5 వోల్టులు ఇస్తారు. చార్జ్ చేయకూడని సెల్‌ని రోజంతా చార్జ్ చేస్తే అది ఉబ్బుతుంది, లీక్ అవుతుంది. 3.3 వోల్టులిస్తే డయోడ్ దగ్గరే కొంత పడిపోతుంది కాబట్టి CR2032లోకి చార్జ్ పోదు. అయినా నేనైతే డయోడ్ పక్కనున్న 200 ఓమ్ రెసిస్టర్ పీకేస్తాను.

ఇక కోడ్. నెట్‌లో దొరికే ఉదాహరణల్లో `rtc.lostPower()` నిజమైతే ప్రోగ్రామ్ కంపైల్ చేసిన టైమ్‌ని గడియారంలో రాసేస్తారు. టేబుల్ మీద టెస్టింగ్‌కి అది ఓకే. రెండేళ్ల తర్వాత సెల్ అయిపోయి కరెంట్ పోయి వస్తే, గడియారం రెండేళ్ల వెనక్కి పోయి, అదే కరెక్ట్ అని నమ్మేస్తుంది. టైమ్ తెలియనప్పుడు తెలియదని ఒప్పుకుని మోటార్ ఆపి ఉంచడమే సేఫ్:

```cpp
bool timeOk = !rtc.lostPower();
if (timeOk && now >= onMin && now < offMin) relayOn();
else relayOff();
```

ఇక్కడ `now` అంటే అర్ధరాత్రి నుంచి గడిచిన నిమిషాలు. 5:30కి సమానమా అని కాకుండా 5:30, 5:50 మధ్యలో ఉందా అని అడుగుతున్నాం. కరెంట్ 5:40కి వచ్చినా మిగిలిన పది నిమిషాలు మోటార్ నడుస్తుంది. నెట్ ఉన్నప్పుడు రోజుకోసారి ఎన్‌టీపీ టైమ్‌ని `rtc.adjust()`తో గడియారంలో రాస్తే చాలు. ఆ కాల్‌తోనే `lostPower()` ఫ్లాగ్ కూడా క్లియర్ అవుతుంది.

రెడీమేడ్ ప్లగ్ కొనేవాళ్లు చేతికొచ్చిన రోజే చూసుకోండి. రెండు నిమిషాల తర్వాతకి ఒక షెడ్యూల్ పెట్టండి, రౌటర్ ఆపండి. పనిచేస్తే షెడ్యూల్ క్లౌడ్‌లో కాదు, ప్లగ్‌లోనే ఉన్నట్టు. తర్వాత పది నిమిషాల తర్వాతకి ఇంకోటి పెట్టి, రౌటర్ ఆపి, ప్లగ్‌ని సాకెట్ నుంచి ఐదు నిమిషాలు పీకి మళ్లీ పెట్టండి. ఈ రెండోది కూడా సరైన టైమ్‌కి పనిచేస్తేనే లోపల బ్యాకప్ ఉన్న గడియారం ఉన్నట్టు. లేదంటే రిటర్న్ గడువు లోపే పంపించేయండి.