ఇవ్వగలిగింది ఏది, ఇవ్వలేనిది ఏది?

2012 ఏప్రిల్ 21న బస్తర్‌లోని సుక్మా జిల్లా కలెక్టర్ అలెక్స్ పాల్ మీనన్‌ను మావోయిస్టులు అపహరించారు. ఆయన అంగరక్షకులిద్దరినీ అక్కడికక్కడే కాల్చి చంపారు. ఆపరేషన్ గ్రీన్‌హంట్‌ను ఆపాలనీ, జైళ్లలో ఉన్న తమవారిని విడుదల చేయాలనీ కోరారు. ప్రభుత్వం పక్షాన నిర్మలా బుచ్, ఎస్.కె. మిశ్రా, మావోయిస్టులు సూచించినవారిగా బి.డి. శర్మ, ప్రొఫెసర్ హరగోపాల్ రాయపూర్‌లో చర్చించారు. మే 3న కలెక్టర్ విడుదలయ్యారు.

ఇలాంటి చర్చలకు ముందు ముఖ్యమంత్రి బల్లపైకి చేరవలసిన నోట్ ఎలా ఉండాలి? నేపథ్యం అంటే మావోయిస్టు ఉద్యమ చరిత్ర కాదు. విడుదల కోరుతున్న ఒక్కొక్కరి పేరు, కేసు, అది ఏ కోర్టులో ఏ దశలో ఉంది అన్న పట్టిక. దానితోపాటు పూర్వానుభవం. 2011 ఫిబ్రవరిలో ఒడిశాలో మల్కాన్‌గిరి కలెక్టర్ వినీల్ కృష్ణ అపహరణప్పుడూ మధ్యవర్తుల్లో హరగోపాల్ ఉన్నారు. అప్పుడు ఏ హామీ ఇచ్చారో, అందులో ఏది అమలైందో ఎదుటి పక్షానికి బాగా గుర్తుంటుంది.

తర్వాత మార్గాలు. ఖైదీలను విడిచిపెట్టడం మొదటిది. కానీ విచారణలో ఉన్న ఖైదీని విడిచే అధికారం ముఖ్యమంత్రికి లేదు. కేసు ఉపసంహరణకు ప్రాసిక్యూటర్ స్వయంగా ఆలోచించి నిర్ణయించుకోవాలి, కోర్టు అనుమతించాలి. నటుడు రాజ్‌కుమార్‌ను వీరప్పన్ అపహరించినప్పుడు అలా ఇచ్చిన అనుమతిని 2000 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఈ ఒక్క వాక్యం నోట్‌లో లేకపోతే, ముఖ్యమంత్రి తన చేతిలో లేనిదాన్ని వాగ్దానం చేస్తారు. బలగాలతో విడిపించడం రెండవది. బందీ ఎక్కడున్నాడో తెలియని అడవిలో అది అతని ప్రాణంతో పందెం. మూడవది, దీర్ఘకాలంగా జైళ్లలో మగ్గుతున్న ఆదివాసీల కేసుల సమీక్ష. బెయిలును వ్యతిరేకించకుండా ఉండటం ప్రభుత్వం చేయగలిగిన పనే.

సుక్మాలో చివరికి కుదిరింది మూడవదే. నిర్మలా బుచ్ అధ్యక్షతన సమీక్షా కమిటీ ఏర్పడింది. కానీ కమిటీ చేయగలిగింది సిఫారసు మాత్రమే. బెయిలు ఇచ్చేది కోర్టు. కనుక నోట్‌లోని చివరి భాగం, అంటే సిఫారసు చేసే వైఖరి, “కమిటీ వేద్దాం” అన్న దగ్గర ఆగకూడదు. కేసుల జాబితా ఎవరు, ఏ తేదీలోగా ఇస్తారు? ప్రాసిక్యూటర్లకు ఏ సూచన, ఎవరి సంతకంతో వెళుతుంది? సిఫారసును తిరస్కరిస్తే కారణాన్ని ఎవరికి చెప్పాలి?

బందీ ఇల్లు చేరిన మరునాటి నుంచి ప్రభుత్వంపై ఒత్తిడి ఉండదు. అప్పుడు మిగిలేది ఆ కాగితమే. దానిలో పేరూ తేదీ లేని హామీ, ఏ నేరమూ రుజువు కాకుండానే జగదల్‌పూర్ జైలులో ఏళ్ల తరబడి ఉన్న ఆదివాసీకి హామీ కాదు. మరోసారి చర్చలకు కూర్చోవలసి వచ్చినప్పుడు, ఎదుటివారు ముందుగా ఎత్తేదీ దాన్నే.