చోళ్ల పుణ్యం, చక్కెర పాపం

పొట్లం ముఖాన చుక్కలు వేస్తే చాలు, ఏది మంచి తిండో జనానికి తెలిసిపోతుందంటున్నారు. 2022 సెప్టెంబరులో భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అలాంటి ముసాయిదానే తెచ్చింది. అర చుక్క నుంచి అయిదు చుక్కల దాకా ఇస్తారట. ఎన్ని చుక్కలుంటే అంత మేలట. ఆ లెక్క ఎలా కట్టారో చూడకుండా మేము తలూపం.

నూరు గ్రాముల తిండిలో శక్తి, చక్కెర, సోడియం, సంతృప్త కొవ్వు ఎంత ఉంటే అన్ని చెడ్డ మార్కులు. పీచు, మాంసకృత్తులు, పళ్లు, కూరగాయలు, పప్పులు, చిరుధాన్యాలు ఉంటే మంచి మార్కులు. చెడ్డలోంచి మంచిని తీసేసి, మిగిలినదాన్ని చుక్కలుగా మారుస్తారు. మా కొండల్లో పండిన చోళ్లు, సామలు బిస్కెట్లో పడితే, ఆ పుణ్యంతో చక్కెర పాపం కొంత కడుక్కుపోతుంది. కడుక్కుపోయేది కాగితం మీదే. పక్కన చోళ్లున్నంత మాత్రాన పిల్లవాడు తిన్న చక్కెర తగ్గదు.

ఈ పద్ధతి 2014లోనే ఆస్ట్రేలియాలో మొదలైంది. అక్కడ మైలో పొడి డబ్బా మీద నాలుగున్నర చుక్కలు మెరిశాయి. పొడి బరువులో దాదాపు సగం చక్కెరలే. మరి అన్ని చుక్కలెలా వచ్చాయి? వెన్న తీసిన పాలలో మూడు చెంచాలు కలిపితే వచ్చే లెక్క అది. పొడికి మాత్రమే కడితే వచ్చేది ఒకటిన్నర. వినియోగదారుల సంఘాలు గోల చేశాక 2018లో కంపెనీ ఆ చుక్కలు తీసేసింది. పాల పుణ్యం అమ్ముకున్నది పొడి!

బ్రిటన్‌లో చుక్కలు కాదు, రంగులు. కొవ్వుకు, చక్కెరకు, ఉప్పుకు వేటికవే. నూరు గ్రాముల్లో చక్కెర 22.5 గ్రాములు దాటితే ఎరుపు. ఇందులో కొట్టివేత లేదు కాబట్టి చుక్కలకన్నా నయం. అయినా ఏ నూనె పోశారో, చక్కెర తీసి ఏ తీపి మందు కలిపారో రంగు చెప్పదు.

సంతలో దొరికే చోళ్ల బిస్కెట్ పొట్లం ఒకటి అనుకుందాం. బరువు 80 గ్రాములు. వెనుక నూరు గ్రాములకు చక్కెర 25 గ్రాములని ఉంది. అంటే పొట్లంలో 20 గ్రాములు, అయిదు చెంచాలు. బ్రిటన్‌లో అయితే ఎరుపే. దినుసుల పేర్లు బరువు ప్రకారం పెద్దది ముందు రాయాలి. మైదా, చక్కెర, పామాయిలు దాటాక చోళ్లు కనబడితే, అది చోళ్ల బిస్కెట్ కాదు, మైదా బిస్కెట్. చుక్కలు ఇవేవీ చెప్పవు. చెప్పే వెనుక వైపు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చట్టానికి చాలు. తెలుగు కంపెనీ ఇష్టం. కోయ, కువి, గోండి ఊసే లేదు.

చిలీ దేశం 2016 నుంచి వేరే దారి పట్టింది. చక్కెర మితిమీరితే పొట్లం ముందు నల్లటి అష్టభుజి, 'చక్కెర ఎక్కువ' అన్న మాట. ఉప్పు ఎక్కువైతే దానికింకొకటి. ఏ పుణ్యంతోనూ అది చెరగదు. చదువు రాని అవ్వకూ అర్థమవుతుంది.

మాకూ అదే కావాలి. మా చోళ్లను మీ చక్కెరకు సాక్ష్యం పిలవకండి.