చెప్పండి, కానీ బొమ్మ గీసి చూపించకండి

పెళ్లి కుదిరిన అమ్మాయికి మన ఇళ్లల్లో రెండు రకాల సలహాలు దొరుకుతాయి. ఇంట్లో పెద్దవాళ్లేమో "పాతవన్నీ ఇప్పుడెందుకు, చచ్చినా నోరు విప్పబాక" అంటారు. స్నేహితురాళ్లేమో "మొత్తం చెప్పేయవే, నిజాయితీ అంటే అదే" అంటారు. నన్నడిగితే రెండూ అమ్మాయిని ముంచే సలహాలే. ఎంత చెప్పాలి, ఎక్కడ ఆపాలి అన్న అసలు ప్రశ్నకు రెండు వైపులవాళ్లూ జవాబు చెప్పరు. ఈరోజు నా పోట్లాట ఆ ఇద్దరితోనూ.

ముందు దాచమనే వాళ్ల సంగతి చూద్దాం. మన నెల్లూరు తిక్కన గారు తెలుగు చేసిన భారత పర్వాల్లోనే ఉంది కుంతి కథ ముగింపు. పెళ్లికి ముందు సూర్యుడి వల్ల కర్ణుడు పుట్టాడు, ఆమె బిడ్డను నదిలో వదిలేసింది. ఆ తర్వాత పాండురాజు పిల్లల కోసం బాధపడుతుంటే తనకు దుర్వాసుడిచ్చిన మంత్రం ఉందని చెప్పింది. మంత్రం ఉందని చెప్పింది గానీ, దానివల్ల అప్పటికే ఒక బిడ్డ పుట్టాడని చెప్పలేదు. చివరికి యుద్ధమంతా అయిపోయాక, తర్పణాలు వదిలేటప్పుడు, "కర్ణుడు మీ అన్న" అని కొడుకుల ముందు చెప్పింది. ధర్మరాజు గుండె పగిలి, ఇకమీదట ఆడవాళ్ల నోట రహస్యం దాగకూడదని శపించాడు. ఆడదాని నోట్లో నువ్వుగింజ నానదని మనల్ని ఎగతాళి చేసేవాళ్లు ఈ శాపాన్నే చూపిస్తారు.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ధర్మరాజు ఏడ్చింది అమ్మకు పెళ్లికి ముందు ఒక కథ ఉన్నందుకు కాదు. తోడబుట్టినవాణ్ణి తెలియక చంపుకున్నందుకు. అంటే బాధ పెట్టింది గతం కాదు, ఆ గతంలోంచి నడిచొచ్చి ఇవాళ ఎదురుగా నిలబడ్డ మనిషి. నాకు దొరికిన కొలత ఇదే. మీ పాత సంగతి మీ ఇద్దరి రేపటి మీద చెయ్యి వేసేదైతే చెప్పాలి. మీలోనే మొదలై మీలోనే ముగిసిపోయిందైతే, అది మీ సొంతం.

చెయ్యి వేసే సంగతులు ఏవంటారా? పెద్ద జాబితా కాదు. ఇదివరకే పెళ్లయి ఉండటం, విడాకులు, బిడ్డ, గర్భం, ఇంకొకరికి అంటే అవకాశమున్న జబ్బు, తీరని అప్పు, ఇప్పటికీ వెంటపడుతున్న మనిషి, ఆ మనిషి దగ్గర ఉన్న ఫోటోలు. వీటిని దాచడం మర్యాదకే కాదు, చట్టానికీ అడ్డొస్తుంది. హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ముఖ్యమైన సంగతిని మోసంతో దాచి ఒప్పించిన పెళ్లిని, ఆ మోసం బయటపడిన ఏడాదిలోపు కోర్టుకెళ్లి రద్దు చేయమని అడగొచ్చు. పెళ్లినాటికి ఇంకొకరి వల్ల గర్భవతి అయి ఉండి, ఆ సంగతి భర్తకు తెలియకపోతే, దానికి విడిగా ఇంకో నిబంధన ఉంది. డిగ్రీలో ఒకబ్బాయిని ఇష్టపడటం అనే మాట మాత్రం ఆ సెక్షన్లో ఎక్కడా లేదు. ఇవి చెప్పాల్సిన సమయం కూడా ముఖ్యం. నిశ్చితార్థానికి ముందు చెప్పాలి. పత్రికలు పంచాక, బంధువులు దిగాక చెబితే, అవతలివాళ్లకు కాదనే దారి ఉండదు. దారి మూసేసి చెప్పేది చెప్పడం కిందికి రాదు.

ఇక రెండో గుంపు, మొత్తం చెప్పేయమనేవాళ్లు. వీళ్లకు రష్యా నుంచి ఒక కథ చెబుతా. రచయిత టాల్‌స్టాయ్ 1862లో సోఫియాను పెళ్లాడాడు. ఆయనకు 34 ఏళ్లు, ఆ పిల్లకు 18. పెళ్లికి ముందు ఆయన తన డైరీలన్నీ తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టాడు. తను ఎవరితో ఎలా తిరిగిందీ, తన ఎస్టేట్లోని ఒక రైతు స్త్రీతో ఉన్న సంబంధం, అన్నీ అందులో ఉన్నాయి. దాపరికం లేకుండా ఉండాలన్నది ఆయన ఉద్దేశం. ఆ పిల్ల చదివి ఏడ్చింది, పెళ్లీ చేసుకుంది. కానీ ఆ రైతు స్త్రీ ఆ ఊళ్లోనే ఉంది. ఆమె మీద అసూయ ఏళ్ల తరబడి సోఫియా డైరీల్లో కనబడుతూనే ఉంది. ఇదే సంగతిని టాల్‌స్టాయ్ తర్వాత అన్నా కరేనినా నవలలో లెవిన్, కిట్టీల కథగా కూడా వాడుకున్నాడు.

అక్కడ సోఫియాకు తెలియాల్సింది ఒక్కటే ఉంది. "నువ్వు కాపురానికి రాబోయే ఊళ్లో నాతో సంబంధం ఉన్న మనిషి ఉంది, అది ముగిసింది." అది చెప్పడం ఆయన బాధ్యత. మిగతా పేజీలన్నీ ఆయన మనసు తేలిక కావడానికే. ఆయన బరువు దిగింది, ఆ పిల్ల నెత్తికెక్కింది. మన మొగుళ్లు గానీ మనం గానీ "నా మనసు తేలికవుద్ది" అని నోరు తెరిచినప్పుడు, ఆ బరువు ఎవరి నెత్తి మీదికి పోతుందో చూసుకోవాలి.

రష్యాదాకా ఎందుకు, మన ఇందుకూరుపేటలోనే చూద్దాం. నాకు తెలిసిన ఒక అమ్మాయి, పేరు వద్దు, అడిగే రాస్తున్నా. పెళ్లయిన నెలకు భర్త తనకున్న రెండు పాత కథలు సరదాగా చెప్పి, "నేనేం అనుకోను, నువ్వూ చెప్పు" అన్నాడు. ఈ పిల్ల నమ్మింది. కాలేజీలో ఒకబ్బాయిని ఇష్టపడ్డానని, ఇంట్లో ఒప్పుకోక ఆగిపోయిందని చెప్పింది. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. అతను అడిగేకొద్దీ చెబుతా పోయింది. ఏ బస్సులో కలిసేవాళ్లు, ఏ పాట పాడేవాడు, మైపాడు బీచ్‌లో ఎక్కడ కూర్చునేవాళ్లు, చెయ్యి పట్టుకున్నాడా లేదా.

ఆ తర్వాత అతను మైపాడుకు రానన్నాడు. ఇది నెల్లూరు తీరంలో చిన్న కష్టం కాదు. చుట్టం వచ్చినా, ఆదివారమైనా, కార్తీక స్నానమైనా మనకు మైపాడే. ఒకసారి అత్తగారు అందరినీ ఆటో ఎక్కించి తీసుకుపోతే, అతను ఇసుకలోకి దిగకుండా రోడ్డు మీదే నిలబడి, రాత్రి పదకొండు గంటలకు మళ్లీ మొదలుపెట్టాడు. "ఆ పక్కనా, ఈ పక్కనా?" ఆ పిల్ల నాతో అన్న మాట ఇది: "అడిగిన ప్రతిదానికీ నిజమే చెప్పినా పిన్నీ. చెప్పేకొద్దీ ఇంకా అడగతా ఉండాడు."

సరిగ్గా అక్కడే ఉంది కిటుకు. "నాకు ఇదివరకు ఒక ప్రేమ ఉండేది, అది అయిపోయింది" అనే మాటకు బొమ్మ ఉండదు. దాన్ని మింగడానికి నాలుగు రోజులు పట్టొచ్చు గానీ, అది అరుగుతుంది. చోటు, పాట, చొక్కా రంగు చెప్పారంటే బొమ్మ తయారవుతుంది. బొమ్మ అరగదు. పైగా మనలాంటి చిన్న ఊళ్లలో ఆ చోటు రోజూ కళ్ల ముందే ఉంటుంది. అందుకే పేరు, చోటు, శరీరం, పోలిక ఈ నాలుగింటి దగ్గర ఆగమంటాను. పేరుకు మాత్రం ఒక మినహాయింపు ఉంది. ఆ మనిషి మీ బంధువైనా, పక్క వీధివాడైనా, పెళ్లిళ్లలో ఎదురుపడేవాడైనా పేరు చెప్పాల్సిందే. రేపు ఇంకొకరి నోట వింటే ఆ దెబ్బ వేరు.

మరి చెప్పడం అయిపోయింది, భర్తకు లోపల కుళ్లుతోంది. అప్పుడేం చేయాలి? అడిగే ప్రశ్నల్ని రెండు కుప్పలు చేయండి. "ఇప్పుడు మాట్లాడుతున్నాడా? నంబరు ఉందా? మనకేమైనా ఇబ్బంది ఉందా?" ఇవి ఇవాళ్టి ప్రశ్నలు. వీటికి విసుక్కోకుండా, పూర్తిగా, నిజం చెప్పండి. "నాకంటే బాగుండేవాడా? వాడితో ఎక్కువ సంతోషంగా ఉన్నావా?" ఇవి పుండును గోకే ప్రశ్నలు. జవాబు వినగానే కాసేపు హాయిగా ఉంటుంది, గంటలో ఇంకో ప్రశ్న పుడుతుంది. మీరు ఎంత మంచి జవాబు చెప్పినా ఆ దురద పోదు, ఎందుకంటే దురద జవాబులో లేదు, అడగడంలోనే ఉంది.

ఆ అమ్మాయి చివరికి చేసింది ఇదే. పగటిపూట, ఇద్దరూ కోపంగా లేనప్పుడు, ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పింది. "నీకు తెలియాల్సిందంతా చెప్పాను. ఇప్పటి గురించి ఎన్నిసార్లయినా అడుగు, చెబుతాను. అప్పటి గురించి ఇక చెప్పను. దాచడానికి కాదు, మనిద్దరికీ నిద్ర ఉండటానికి." ఆ తర్వాత రెండు వారాలు అతను ఇంకా ఎక్కువ అడిగాడు. అది మామూలే, గోకుడు మానితే మొదట్లో దురద పెరుగుతుంది. ఆ పిల్ల ప్రతిసారీ అదే వాక్యం చెప్పి లేచిపోయేది. నెలలు పట్టింది. పూర్తిగా పోయిందని ఆ పిల్ల కూడా అనదు. కానీ రాత్రి పదకొండు గంటల విచారణ ఆగింది, పోయిన కార్తీకంలో మైపాడు ఇసుకలో ఇద్దరూ కాళ్లు తడుపుకున్నారు.

మనమూ తక్కువ తినలేదులెండి. మొగుడి పాత స్నేహితురాలి ఫోటోల్ని అర్ధరాత్రి ఫేస్‌బుక్‌లో వెతికి, చీర బాగుందా ముక్కు బాగుందా అని పోల్చుకునేవాళ్లం మనలోనూ ఉన్నాం. అదీ గోకుడే. ఆయన్ని అడగని ప్రశ్నను ఫోన్‌ని అడుగుతున్నాం, అంతే తేడా. మన భర్త చెప్పకుండా వదిలేసిన వివరాల విషయంలో, మనకు కావాలనుకునే మర్యాదనే ఆయనకూ ఇవ్వాలి.

ఒక గీత మాత్రం గట్టిగా గీస్తున్నా. బాధపడటం వేరు, శిక్షించడం వేరు. ఫోన్ లాక్కోవడం, ఉద్యోగం మాన్పించడం, పుట్టింటికి పోనివ్వకపోవడం, నలుగురిలో ఆ పాత సంగతి ఎత్తి పొడవడం, చెయ్యెత్తడం, వీటికి అభద్రత అని ముద్దుపేరు పెట్టకండి. 2005 గృహహింస చట్టం కొట్టడాన్నే కాదు, మాటలతో, మానసికంగా హింసించడాన్ని కూడా హింస అనే అంటుంది. 181కి ఫోన్ చేయొచ్చు. అలాంటివాడి ముందు ఇంకా వివరాలు చెప్పి నమ్మకం సంపాదించుకోవాలని చూడటం, నిప్పులో నెయ్యి పోయడమే.

చివరిగా ఆ "నేనేం అనుకోను, చెప్పు" అనే మాట గురించి. తన రెండు కథలు కాలక్షేపంగా చెప్పుకుని, భార్య ఒక్క కథకు ఏడాదిపాటు విచారణ పెట్టే మొగవాడు మన ఊళ్లలో చాలామందికి మంచివాడుగానే కనబడతాడు. నాకు కనబడడు. అడిగినవాడికి వినే బాధ్యత ఉంటుంది. అనుకోనని మాటిచ్చి అనుకుంటే, ఆ లెక్క సరిచేసుకోవాల్సింది అతను. చెప్పినందుకు తల దించుకోవాల్సిన అవసరం ఆ పిల్లకు లేదు.