లీజు పత్రంలో లేని మాట

సోలార్ కంపెనీలకు భూములు లీజుకిచ్చిన రైతులు పత్రాలు చేతబట్టుకుని మన సంఘం కార్యాలయానికి వస్తున్నారు. అందరిదీ దాదాపు ఒకటే మాట: "మాకు చెప్పింది ఒకటి, కాగితంలో ఉన్నది ఇంకొకటి." చెప్పినదానికి సాక్ష్యంగా కొందరి ఫోన్లలో వాట్సాప్ సందేశాలున్నాయి, కొందరి దగ్గర ఈమెయిళ్లున్నాయి. ఊళ్లో పదిమంది ముందు ఇచ్చిన మాట అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లు చెప్పేది అబద్ధమని మేము ఒక్కసారి కూడా అనుకోలేదు. అయితే ఆ పత్రాల చివరి పేజీల్లో "ఇతర విషయాలు" అనే శీర్షిక కింద, నోటీసులు ఏ చిరునామాకు పంపాలి, తగాదా వస్తే ఏ ఊరి కోర్టు అనే షరతుల పక్కన రెండు చిన్న షరతులుంటాయి. పత్రం చదివి వినిపించే వాళ్లు కూడా సాధారణంగా అక్కడికి వచ్చేసరికి "ఇవి మామూలువే" అని పేజీ తిప్పేస్తారు. ఈ నెల ఆ రెండింటి గురించే రాస్తున్నాం.

మొదటిది "ఎంటైర్ అగ్రిమెంట్" షరతు. దాని సారాంశం ఇది: ఈ భూమి విషయంలో ఉభయుల మధ్య ఉన్న పూర్తి ఒప్పందం ఈ పత్రమే, ఇంతకుముందు జరిగిన చర్చలు, ఉత్తరాలు, ఈమెయిళ్లు, నోటిమాటలు, హామీలు, పాత ఒప్పందాలు అన్నీ దీనితో చెల్లకుండా పోతాయి. రెండోది సవరణ షరతు. ఈ పత్రంలో ఏ మార్పు చేయాలన్నా రాతపూర్వకంగా, రెండు వైపులా అధికారం ఉన్నవారి సంతకాలతోనే చేయాలని అది చెబుతుంది. మొదటిది సంతకానికి ముందు చెప్పిన మాటలకు తలుపు మూస్తే, రెండోది తర్వాత చెప్పే మాటలకు మూస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుని లెక్క వేద్దాం. ఒక రైతు 8 ఎకరాలను 28 ఏళ్లకు లీజుకిచ్చాడనుకుందాం. ఎకరాకు ఏడాదికి 40 వేలు, అంటే మొత్తం 3 లక్షల 20 వేలు. ఏజెంటు మూడు మాటలిచ్చాడు: రెండేళ్లకోసారి కౌలు 5 శాతం పెంచుతాం, ఇంట్లో ఒకరికి ప్లాంటులో వాచ్‌మన్ పని ఇస్తాం, వెనుక మిగిలిన మూడెకరాలకు బండిబాట వదులుతాం. 5 శాతం సంగతి కంపెనీ భూముల మేనేజరు రైతు కొడుక్కి ఈమెయిల్‌లో కూడా రాశాడు. రిజిస్ట్రేషన్ రోజున ఇంగ్లీషులో 40 పేజీల పత్రం వచ్చింది. రైతు పెంపు సంగతి అడిగితే "అన్నా, అవన్నీ మేం చూసుకుంటాం, టోకెన్ టైం అయిపోతోంది, సంతకం పెట్టు" అన్నారు. పెట్టాడు. పత్రంలో కౌలు ఏడాదికి 3 లక్షల 20 వేలు అని మాత్రమే ఉంది.

మూడో ఏడు కూడా పాత మొత్తమే ఖాతాలో పడింది. రైతు ఈమెయిల్ చూపించాడు, కంపెనీ వాళ్లు ఎంటైర్ అగ్రిమెంట్ షరతు చూపించారు. ఇందులో పోయేది ఎంతో చూడండి. పెంపు లేకుండా 28 ఏళ్లకు అందేది 89 లక్షల 60 వేలు. రెండేళ్లకోసారి 5 శాతం పెరిగి ఉంటే సుమారు కోటీ 25 లక్షలు వచ్చేది. పత్రంలో ఎక్కని ఒక్క వాక్యం ఖరీదు దాదాపు 36 లక్షలు.

కోర్టుకు వెళితే ఏమవుతుంది? ఆ షరతు లేకపోయినా చట్టం రాతవైపే మొగ్గుతుంది. ఒప్పందాన్ని పత్రంగా రాసుకున్నాక దాని షరతులను ఆ పత్రంతోనే రుజువు చేయాలని భారతీయ సాక్ష్య అధినియం 94వ సెక్షన్ చెబుతుంది. ఆ రాతకు విరుద్ధంగా, దాన్ని మార్చేలా, దానికి కలిపేలా నోటిమాట ఒప్పందాన్ని సాక్ష్యంగా తేకూడదని 95వ సెక్షన్ చెబుతుంది. 2024 జూలై 1కి ముందున్న పాత సాక్ష్య చట్టంలో ఇవే 91, 92 సెక్షన్లు, విషయంలో తేడా లేదు. 95వ సెక్షన్ మాట్లాడేది నోటిమాట గురించి. ఈమెయిల్ రాతే కదా అని అడిగేవారికి జవాబుగానే కంపెనీ వకీళ్లు ఎంటైర్ అగ్రిమెంట్ షరతు రాస్తారు. ముందు నడిచిన రాతకోతలను కూడా అది పేరుపెట్టి కొట్టేస్తుంది. లీజుకు ఆరు నెలల ముందు వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్న ఒప్పందం ఉన్నా అదే గతి. చాలామంది ఆ పాత కాగితాన్ని బీరువాలో భద్రంగా దాచుకుంటున్నారు. అందులో పెంపు ఉండి తర్వాతి లీజులో లేకపోతే, ఆ కాగితం ఒక్కటే పట్టుకుని పెంపు అడగలేం.

మూడు మాటల గతి ఒకేలా ఉండదు. పెంపు సంగతి పత్రంలోని కౌలు మొత్తానికి నేరుగా అడ్డొస్తుంది కాబట్టి అది అన్నిటికన్నా బలహీనం. వాచ్‌మన్ పని గురించి పత్రం ఏమీ చెప్పలేదు. పత్రం మౌనంగా ఉన్న విషయంపై, దానికి విరుద్ధం కాని వేరే నోటి ఒప్పందాన్ని రుజువు చేయడానికి 95వ సెక్షన్‌లోనే ఒక మినహాయింపు ఉంది. కానీ పత్రం ఎంత పకడ్బందీగా రాసినదో చూసి కోర్టు నిర్ణయించాలని కూడా అక్కడే ఉంది. ఊళ్లో రాసుకున్న ఒక పేజీ కౌలు చీటీ అయితే, పక్కన మరో మాట ఉండి ఉంటుందని కోర్టు నమ్మే వీలుంది. వకీళ్లు రాసి రిజిస్టరు చేసిన 40 పేజీల పత్రంలో, అదీ "పూర్తి ఒప్పందం ఇదే" అని రాసి ఉండగా, ఆ ఆశ చాలా సన్నగిల్లుతుంది. బండిబాట సంగతి వేరు. వెనుక భూమికి ఇంకే దారీ లేకపోతే, ఏజెంటు మాటతో పనిలేకుండానే ఈజ్‌మెంట్ల చట్టం కింద అవసరపు దారి అడగవచ్చు. చుట్టుతిరిగి వెళ్లే దారి ఉంటే మాత్రం ఆ హక్కు నిలవదు.

ఇక సవరణ షరతు. ఐదో ఏడు ప్లాంటు మేనేజరు "వచ్చే ఏడు నుంచి ఎకరాకు 45 వేలు ఇస్తాం" అని వాట్సాప్‌లో పెట్టాడనుకుందాం. ఒక ఏడాది ఇచ్చారు కూడా. తర్వాత ప్లాంటు ఇంకో కంపెనీ చేతికి పోయింది. సోలార్ ప్లాంట్లు చేతులు మారడం ఈ వ్యాపారంలో మామూలే. కొత్తవాళ్లు పత్రం తీసి 40 వేలే ఇస్తామంటారు. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు కావాల్సిందే. అలా రిజిస్టరైన పత్రాన్ని తర్వాతి నోటి ఒప్పందంతో మార్చలేమని సాక్ష్య చట్టమే చెబుతోంది. 2000లో శక్తివేల్, వేణుగోపాల్ పిళ్లైల కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. పైగా మేనేజరుకు సంతకం చేసే అధికారం ఉందో లేదో తెలియదు. కాబట్టి కౌలు మారితే సప్లిమెంటరీ లీజు డీడ్ రాయించి, అదే సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టరు చేయించాలి. దానికయ్యే స్టాంపు ఖర్చు ఎవరిదో మొదటి పత్రంలోనే రాసుకోవాలి, లేకపోతే ఆ ఖర్చు దగ్గరే పని ఆగిపోతుంది.

ఈ షరతు రైతుకు కాపలా కాసే సందర్భమూ ఒకటుంది. "ఈ ఏడు గ్రిడ్డు వాళ్లు కరెంటు సరిగా తీసుకోలేదు, సగం కౌలే ఇస్తాం, ఫోనులో ఒప్పుకున్నావు కదా" అని కంపెనీ అంటే అది చెల్లదు. కానీ ఆ సగం డబ్బు ఇచ్చేటప్పుడు "పూర్తి బాకీ ముట్టింది" అని రాసిన వోచరు మీద సంతకం అడుగుతారు. తక్కువ సొమ్ముతో సరిపెట్టుకునే స్వేచ్ఛ కాంట్రాక్టు చట్టం 63వ సెక్షన్ బాకీదారుకు కాక, బాకీ రావలసిన వాడికి ఇచ్చింది. ఆ వోచరు మీద సంతకం పెడితే ఆ స్వేచ్ఛను మనమే వాడుకున్నామని వాదిస్తారు. "కొంత మాత్రమే ముట్టింది, మిగతాది రావాలి" అని మన చేత్తో రాసి సంతకం పెట్టాలి.

అలాగని పాత ఈమెయిళ్లు పనికిరావని తుడిచేయవద్దు. ఎంటైర్ అగ్రిమెంట్ షరతు మోసాన్ని కప్పలేదు. నెరవేర్చే ఉద్దేశం లేకుండా ఇచ్చిన మాటను కాంట్రాక్టు చట్టం మోసం కిందే లెక్కిస్తుంది. మోసంతో సమ్మతి తీసుకుంటే ఒప్పందాన్ని రద్దు చేయమనవచ్చు, లేదా ఆ మాట నిజమైతే ఉండే స్థితిలో తనను ఉంచమనీ అడగవచ్చు. ఇంకో దారి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 26వ సెక్షన్. ఇద్దరూ ఒప్పుకున్న సంగతి మోసం వల్లనో, ఇద్దరి పొరపాటు వల్లనో పత్రంలోకి రాకపోతే పత్రాన్ని సరిదిద్దమని దావా వేయవచ్చు. ఆ రోజు ఆ ఈమెయిలే ప్రాణం. మేనేజరు "5 శాతానికి అంగీకరించాం" అని రాసి ఉంటే బలం, "పరిశీలిస్తాం" అని రాసి ఉంటే బలహీనం. ఫోను మారినా పాత ఫోను ఉంచుకోండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి చట్టం అడిగే సర్టిఫికెట్ కూడా జతచేయాలి. మోసం కారణంగా పత్రం రద్దు కోరేవారికి, సంగతి తెలిసిన రోజు నుంచి మూడేళ్లే గడువు. మూడో ఏడు కౌలు పెరగలేదని గమనించి, "వచ్చే ఏడు చూద్దాం" అని ఏటా ఊరుకుంటూ పోతే గడువు అయిపోవచ్చు. ఇవన్నీ ఏళ్లు పట్టే దావాలు. రుజువు భారం కూడా రైతు మీదే ఉంటుంది.

అందుకే అసలు పని సంతకానికి ముందే జరగాలి. లీజు మాటలు నడుస్తున్నవారు ఏజెంటు, మేనేజరు ఇచ్చిన ప్రతి మాటనూ తెలుగులో ఒక కాగితం మీద రాయండి: ఎంత పెంపు, ఎప్పటి నుంచి, ఎవరికి పని, బాట ఎన్ని అడుగులు, ఏ సర్వే నంబరు గుండా. ఆ జాబితాను లీజులో ఒక షెడ్యూలుగా చేర్చమని అడగండి. ఎంటైర్ అగ్రిమెంట్ షరతులో "ఈ పత్రం" అన్నచోట "ఈ పత్రమూ, దాని షెడ్యూళ్లూ" అని మార్పించండి. ఆ షరతును తీసేయమంటే కంపెనీ ఒప్పుకోదు. షెడ్యూలు చేర్చడానికి మాత్రం ఇబ్బంది పడాల్సిన కారణం లేదు, ఇచ్చిన మాట నిజమే అయితే. చేర్చమనగానే ఏజెంటు ముఖం మారితే, ఆ హామీ విలువెంతో అప్పుడే తెలిసిపోతుంది.

ముసాయిదాను రిజిస్ట్రేషన్‌కు కనీసం వారం ముందు చేతికివ్వాలని, తెలుగు అనువాదం జతచేయాలని మన సంఘం కంపెనీలను అడుగుతోంది. సబ్‌రిజిస్ట్రార్ ఆ రోజు చూసేది సంతకం చేసింది మీరేనా, స్టాంపు సరిపోయిందా అనేదే. మీకు ఇచ్చిన మాటలు అందులో ఉన్నాయా అని ఆయన అడగడు. ఎస్సీ, ఎస్టీ రైతులకు, మహిళలకు, ఆదాయ పరిమితిలోపు ఉన్నవారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో వకీలు సలహా ఉచితం. ముసాయిదా తెచ్చిన సభ్యులకు చివరి పేజీల షరతులతో సహా చదివి వినిపించే ఏర్పాటు మన కార్యాలయంలోనూ ఉంది. వచ్చేటప్పుడు ముసాయిదాతో పాటు ఆ తెలుగు జాబితా, ఈమెయిళ్లున్న ఫోను కూడా తీసుకురండి.