నక్క పేరు లేని నక్క కథ

గత నెల పీటీఎంలో సెకండ్ క్లాస్ పాప నాన్నగారు ఒకరు నన్ను సూటిగా అడిగారు. "మేడమ్, లైబ్రరీ పీరియడ్‌లో మూడు వారాలుగా ఒకటే పుస్తకమట. అందులోనూ కోడి వేషం, నక్క వేషం. చదివించేదెప్పుడు? ఆ టైమ్‌లో రీడింగో, స్పెల్లింగో చేయించొచ్చు కదా?" వెనక నిలబడ్డ ఇద్దరు ముగ్గురు పేరెంట్స్ కూడా తలూపారు. అక్కడ వరుసలో చాలామంది ఉండటంతో రెండు ముక్కల్లో చెప్పి పంపించాను. ఆయన వేసిన ప్రశ్న న్యాయమైనదే కాబట్టి ఇక్కడ తీరిగ్గా జవాబు రాస్తున్నాను.

ముందు ఆ పుస్తకం సంగతి చెప్పాలి. పేరు 'రోజీస్ వాక్'. ఇంగ్లండ్‌కు చెందిన పాట్ హచిన్స్ బొమ్మలు వేసి రాసిన ఈ పుస్తకం 1968లో వచ్చింది. మొత్తం కథ ఒకే వాక్యం, 32 ఇంగ్లిష్ మాటలు. రోజీ అనే కోడి షికారుకు బయల్దేరి పెరట్లోంచి నడిచి, చెరువు చుట్టూ తిరిగి, గడ్డివాము ఎక్కి దిగి, పిండిమర పక్కనుంచి, కంచె సందులోంచి, తేనెటీగల పెట్టెల కిందనుంచి వెళ్లి, భోజనం వేళకు గూటికి చేరుతుంది. మాటల్లో ఉన్నదంతా ఇంతే. బొమ్మల్లో మాత్రం మొదటినుంచీ కోడి వెనకాలే ఒక నక్క ఉంటుంది. ఆ 32 మాటల్లో ఎక్కడా నక్క అన్న మాటే రాదు.

ఆ నాన్నగారు అడిగినట్టు దీన్ని 'చదివిస్తే' రెండు నిమిషాల్లో అయిపోతుంది. పిల్లలు మాటలన్నీ తప్పు లేకుండా చదివేస్తారు, కథ మాత్రం వాళ్లకు తెలియదు. కథంతా నక్క దగ్గరుంది, నక్క బొమ్మలో ఉంది.

అందుకే మొదటి వారం మేం ఊహించే ఆట ఆడాం. క్లాసులో 38 మంది, పుస్తకం ఒక్కటి. అందరినీ కూర్చోబెడితే వెనకవాళ్లకు బొమ్మ కనిపించదు, కనిపించని పిల్లాడు అల్లరి చేస్తాడు. కాబట్టి 19 మంది చొప్పున రెండు బ్యాచ్‌లు చేసి, ఒక్కో బ్యాచ్‌కి ఇరవై నిమిషాలు ఇచ్చాను. మిగతా సగం ఆ లోపు ర్యాక్‌లోంచి ఇష్టమైన పుస్తకం తీసుకుని చూస్తారు. మాటలున్న చోట స్టికీ నోట్ అంటించేశాను.

ఈ పుస్తకంలో ఒక సౌకర్యం ఉంది. నక్క దూకబోయే పేజీలోనే దానికి జరగబోయే ప్రమాదం కూడా బొమ్మలో ఉంటుంది. పేజీ తిప్పితే ఏం జరిగిందో కనిపిస్తుంది, అక్కడ మాటలుండవు. ఉదాహరణకి పెరట్లో గడ్డి లాగే ఇనుప పళ్ల కర్ర ఒకటి నేలమీద పడి ఉంటుంది, నక్క గాల్లో ఉంటుంది. నేను అక్కడ ఆగి, "ఇప్పుడేమవుతుంది?" అని అడిగాను. "కోడిని తినేస్తుంది" అని అందరూ అరిచారు. రెండో ప్రశ్న వేశాను: "బొమ్మలో ఎక్కడ చూసి చెబుతున్నావు?"

నా మట్టుకు ఈ ఆటంతా ఆ రెండో ప్రశ్న మీదే నిలుస్తుంది. అది లేకపోతే ఊహించడం కాదు, లాటరీ టికెట్ గీకడం. ఆ ప్రశ్న వినగానే పిల్లలు మళ్లీ బొమ్మలోకి వెళ్లారు. ఎప్పుడూ చివర కూర్చునే ఒక బాబు మెల్లగా లేచి వచ్చి, ఆ కర్ర పళ్ల మీద వేలు పెట్టి, "మేడమ్, దీని మీద కాలేస్తే కర్ర లేచి మొహం మీద కొడుతుంది. మా తాతయ్య వాళ్లూళ్లో నాకు తగిలింది" అన్నాడు. తెలుగులోనే చెప్పాడు. పేజీ తిప్పాం. నక్క ముక్కు మీద కర్ర ఠాప్‌మని తగిలింది! ఆ బాబు రీడింగ్ టెస్టుల్లో కింది నుంచి మూడోవాడు. ఆ రోజు మాత్రం క్లాసంతా ప్రతి పేజీ దగ్గరా వాడి వైపు చూసింది.

ఇంగ్లిష్ మీడియంలో తెలుగులో చెప్పనిస్తారా అని కొందరు అడుగుతారు. ఊహించేటప్పుడు చెప్పనిస్తాను. "కాలేస్తే కర్ర లేస్తుంది" అన్న ఆలోచన ఏడేళ్ల పిల్లాడికి ముందు సొంత భాషలోనే వస్తుంది. ఆ క్షణంలో "స్పీక్ ఇన్ ఇంగ్లిష్" అంటే వాడు కూర్చుండిపోతాడు. ఇంగ్లిష్ వంతు తర్వాత వస్తుంది, అది కూడా చెబుతాను.

ఈ ఆట చెడే తీరు కూడా ఉంది. మొదటి బ్యాచ్‌తో నేనే చెడగొట్టాను. సరైన జవాబు రాగానే నా కళ్లు పెద్దవయ్యేవట! కాసేపటికి పిల్లలు బొమ్మ చూడటం మానేసి నా మొహం చూడటం మొదలుపెట్టారు. చెరువు దగ్గర ఒక పాప "నీళ్లలో..." అని ఆగి, నన్ను చూసి, "పడుతుంది" అని పూర్తి చేసినప్పుడు గానీ నాకు వెలగలేదు. రెండో బ్యాచ్‌కి పుస్తకాన్ని మొహానికి అడ్డం పెట్టుకుని అడిగాను. పిల్లలు ఊహిస్తున్నారా, టీచర్‌ని చదువుతున్నారా అన్నది వాళ్ల చూపు ఎటు పోతోందో చూస్తే తెలిసిపోతుంది.

తేనెటీగల పెట్టెల దగ్గర అందరం ఆగిపోయాం. మన పిల్లలకు తేనెతుట్టె అంటే చెట్టుకో అపార్ట్‌మెంట్ బాల్కనీకో వేలాడేది. ఒకరు కుక్క ఇల్లన్నారు, ఒకరు పావురాల గూడన్నారు. ఇది బొమ్మలో వెతికితే దొరికే సంగతి కాదు, నేను చెప్పాల్సిందే. చెప్పేశాను. తెలియని వస్తువును ఊహించమని పిల్లల్ని వేధించడం ఆట కాదు.

రెండో వారం బొమ్మలు గీయడం. కోడిని చూసి కోడిని గీయమనలేదు. అలా అంటే బాగా గీయగల నలుగురు గీస్తారు, మిగతావాళ్లు ఎరేజర్ అరగదీస్తారు. పుస్తకం మూసేసి, రోజీ నడిచిన దారి గీయమన్నాను. తలా ఒక ఏ-ఫోర్ కాగితం. కోడి దారి పెన్సిల్‌తో, నక్క పడిన చోటల్లా ఎర్ర క్రేయాన్‌తో గుర్తు. చెరువు గుండ్రంగా ఉంటే చాలు, మర ఒక డబ్బా అయినా చాలు.

చాలామంది కాగితం ఎడమ అంచున గూడు వేసి, గీతను కుడి వైపు లాక్కుంటూ పోయారు. తేనెటీగల పెట్టెలు వచ్చేసరికి కాగితం అయిపోయింది. "మరి భోజనానికి ఇంటికెలా వచ్చింది?" అని అడిగాను. కొందరు చెరిపి గుండ్రంగా గీశారు. ఒక పాప మాత్రం వచ్చిన దారినే వెనక్కి గీసి, "మళ్లీ వెళ్తే నక్క దొరుకుతుంది కదా" అని తనే ఆలోచించి, కొట్టేసి, చివర్లో ఇంకో దారి కలిపింది. కథ వరుస గుర్తుందా లేదా అని పరీక్ష పెట్టి తెలుసుకునేది నాకు ఆ కాగితంలోనే కనిపించింది. గడ్డివాము, మర తారుమారు చేసినవాళ్లు అయిదుగురు. వాళ్లను పుస్తకం తెరిచి చూసుకోమన్నాను, అంతే.

మూడో వారం నటన. ఇంగ్లిష్ వంతు ఇక్కడే. ఈ కథలో అక్రాస్, అరౌండ్, ఓవర్, పాస్ట్, త్రూ, అండర్ అని ఆరు మాటలున్నాయి. మన పిల్లలకు వీటి దగ్గరే చిక్కు. తెలుగులో 'చెరువు చుట్టూ' అంటాం, చుట్టూ అన్నది చెరువు తర్వాత వస్తుంది. అందుకే పిల్లలు "పాండ్ అరౌండ్" అంటారు. పైగా మన 'మీదుగా' అన్న ఒక్క మాట అక్రాస్‌కీ సరిపోతుంది, ఓవర్‌కీ సరిపోతుంది. తేడా బోర్డు మీద రాసి చెబితే తలూపుతారు గానీ పట్టుబడదు.

లైబ్రరీలోనే దారి వేశాం. నేలమీద చాప పెరడు, దాన్ని అడ్డంగా దాటితే అక్రాస్. కుర్చీ చెరువు, చుట్టూ తిరిగితే అరౌండ్. పొట్టి బెంచీ గడ్డివాము, ఎక్కి దిగితే ఓవర్. బీరువా పిండిమర. ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా చేతులు పట్టుకుంటే కంచె. టేబుల్ తేనెటీగల పెట్టెలు. రోజీ, నక్క నడుస్తుంటే మిగతావాళ్లు ఆ మాటను చెప్పాలి. మాట వినిపించేదాకా రోజీ అడుగు వేయకూడదు. అందువల్ల చూస్తున్న వాళ్లెవరూ ఖాళీగా ఉండరు. ఇద్దరు నటించి ముప్పై ఆరుగురు చెట్లుగా నిలబడే నాటకాలంటే నాకు మొదటినుంచీ పడదు.

అందరికీ నక్క వేషమే కావాలి. మొదటి నక్క ఉత్సాహంగా పడి మోచేయి కొట్టుకుంది. అప్పటినుంచి యోగా మ్యాట్ మీదే పడాలి, అదీ స్లో మోషన్‌లో. నిజానికి కష్టమైన వేషం రోజీది, వెనక్కి చూడకుండా నడవాలి. ఎవరి వల్లా కాలేదు. అక్కడే ఒక వాదన లేచింది: నక్క వస్తోందని రోజీకి తెలుసా, తెలియదా? "తెలుసు, అందుకే కావాలని అలాంటి చోట్లకి తీసుకెళ్లింది" అన్నారు కొందరు. "తెలిస్తే పరిగెత్తదా?" అన్నారు ఇంకొందరు. పుస్తకం చెప్పదు, నేనూ చెప్పలేదు. బెల్ కొట్టినా ఆగలేదు. ఆరు మాటలు ఎంతవరకు వచ్చాయంటే, పదిరోజుల తర్వాత గ్రౌండ్‌లో బాల్ పోయినప్పుడు ఒకడు "అండర్ ద బస్ మేడమ్" అన్నాడు. ఇద్దరు ముగ్గురు ఇంకా "బస్ అండర్" అంటూనే ఉన్నారు.

ఆ నాన్నగారి మాటలో నిజం లేకపోలేదు. ఈ ఆటలు అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్పవు. దానికి రోజూ ఫోనిక్స్ పీరియడ్ ఉంది, అది తగ్గకూడదు. అన్ని పుస్తకాలకూ ఈ ఆటలు పనికిరావు కూడా. మాటల్లో చెప్పిందే బొమ్మలోనూ ఉంటే ఊహించడానికేమీ మిగలదు. కానీ వారానికి ఉన్న ఆ ఒక్క నలభై నిమిషాలను స్పెల్లింగ్‌కి ఇచ్చేయమంటే మాత్రం నేను ఒప్పుకోను. ఆ బాబు వేలు పెట్టి చూపించిన కర్ర స్పెల్లింగ్ పీరియడ్‌లో కనపడదు.

ఇంట్లో చేయాలనుకునేవారికి ఖర్చేమీ లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు, ఇంగ్లిష్ బొమ్మల పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. మాటలున్న చోట చేయి అడ్డం పెట్టండి, పేజీ తిప్పేముందు ఆగండి, ఎక్కడ చూసి చెప్పావని అడగండి. నానమ్మ, అమ్మమ్మ ఉంటే వాళ్లనూ ఊహించనివ్వండి. తప్పు చెబితే మరీ మంచిది, పిల్లలు పుస్తకం లాక్కుని మరీ చూపిస్తారు.

ఈ శుక్రవారం రోజీ దారి గీసిన కాగితాలు బ్యాగుల్లో ఇంటికి వస్తాయి. కోడి కోడిలా లేదని దిద్దకండి. ఎర్ర గుర్తు ఒక్కోటీ ఏమిటో వాళ్లనే చెప్పమనండి. ఆరు ఉండాలి, తక్కువైతే పుస్తకం లైబ్రరీలోనే ఉంది.