పచ్చరంగు కార్డు వెనక ఏం జరిగింది?

మా మండలంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నెలవారీ నివేదికను మా సంఘం కొన్నేళ్లుగా చూస్తోంది. ఎంతమంది గర్భిణులు నమోదయ్యారు, ఎన్ని కాన్పులయ్యాయి, ఎంతమంది తల్లులు చనిపోయారు అన్న లెక్కలు అందులో ఉంటాయి. నిరుడు ఆ నివేదికతో పాటు ఇంకొక కాగితం రావడం మొదలయింది. దాన్ని స్కోరుకార్డు అంటున్నారు. నివేదికలో ఎన్ని గడులు నిండాయి, ఎన్ని పేర్లు రెండుసార్లు పడ్డాయి, ఎన్ని చోట్ల చెల్లని అంకెలున్నాయి అని చూసి మార్కులు వేస్తారు. మొదటి నెల మాకు ఎర్రరంగు వచ్చింది. మూడు నెలలు తిరిగేసరికి పచ్చరంగు వచ్చింది. అందరూ సంతోషించారు. నాకు మాత్రం ఈ మూడు నెలల్లో ఏం మారిందో చూడాలనిపించింది. పాత నివేదికనూ కొత్త నివేదికనూ పక్కపక్కన పెట్టుకుని, ఏఎన్‌ఎంలతో కూర్చున్నాను.

ముందుగా ఒక మాట. ఇలాంటి కార్డు అనవసరమని నేను అనడం లేదు. సగం గడులు ఖాళీగా ఉన్న నివేదికతో ఎవరినీ ఏమీ అడగలేం. అయితే ఈ కార్డు కాగితాన్ని కొలుస్తుందే గాని ఊరిని కొలవదు. ఆ తేడా మరిచిపోతే నష్టపోయేది ఎవరో చూడండి.

మొదట ఖాళీ గడుల సంగతి. మా కేంద్రం కింద 12 ఉపకేంద్రాలున్నాయి. ఒక్కొక్కటి 40 అంశాలు నింపాలి. అంటే మొత్తం 480 గడులు. ఎర్రరంగు వచ్చిన నెలలో ఒక ఉపకేంద్రంలో ఏఎన్‌ఎం పోస్టు ఖాళీగా ఉంది. దాని 40 గడులూ ఖాళీగానే వచ్చాయి. 480లో 440 నిండాయి కాబట్టి 91.7 శాతం అన్నమాట. ఆ తర్వాత కూడా ఆ పోస్టు నిండలేదు. కాని మూడో నెలకల్లా నూటికి నూరు వచ్చింది. ఎలాగంటే, ఆఫీసులో కూర్చుని ఆ 40 గడుల్లోనూ సున్నాలు వేశారు.

ఖాళీ గడి అంటే మాకు తెలియదు అని. సున్నా అంటే మేము అడిగాం, ఏమీ జరగలేదు అని. ఆ మూడో నెలలోనే ఆ ఉపకేంద్రం ఊళ్లో ఒక బాలింత కాన్పయిన తొమ్మిదో రోజున చనిపోయింది. కాన్పయ్యాక 42 రోజుల లోపు, దానికి సంబంధించిన కారణంతో చనిపోతే అది మాతృమరణమే. నమోదయితే విచారణ జరగాలి. రక్తం ఎక్కడ దొరకలేదు, బండి ఎంతసేపటికి వచ్చింది అని అడగాలి. మాతృమరణాలు అన్న గడిలో సున్నా ఉంది కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు. ఖాళీగా వదిలి ఉంటే కనీసం ఎందుకు ఖాళీ అని పైవాళ్లు అడిగేవాళ్లు. ఇలాంటి సున్నాలను గుర్తుపట్టడం కష్టం కాదు. ఒక ఉపకేంద్రం వరస మొత్తం సున్నాలే ఉంటే, ఆ నెల అక్కడ ఎవరు పని చేశారో అడిగితే చాలు.

రెండోది రెండుసార్లు పడ్డ పేర్లు. నెలవారీ అంకెల వెనక గర్భిణుల పేర్ల జాబితా ఒకటుంటుంది. 210 పేర్లలో ఆరు జంటలు ఒకే మనిషివని కార్డు చూపించింది. పేరు, ఫోను నంబరు కలిస్తే కంప్యూటరు అలా గుర్తు పెడుతుంది. ప్రతి జంటలో తర్వాత నమోదయిన పేరు కొట్టేశారు. 204 మిగిలారు.

మన ఇళ్లలో తొలికాన్పుకి ఆడపిల్ల పుట్టింటికి వస్తుందని మనకి వేరే చెప్పనక్కర్లేదు. ఆరింటిలో నాలుగు జంటలు అలాంటివే. మూడో నెలలో అత్తగారి ఊళ్లో పేరు రాయించుకున్నారు, ఏడో నెలలో పుట్టినూళ్లో మళ్లీ రాయించుకున్నారు. వీళ్లు నిజంగానే రెండుసార్లు పడ్డవాళ్లు. కాని కొట్టేసింది పుట్టింటి పేరు. కాన్పు వివరం రాయాల్సింది అక్కడే. ఇప్పుడు జాబితాలో ఆ నలుగురూ గర్భిణులుగానే నిలిచిపోయారు. కాన్పు ఏమయిందో, బిడ్డ ఏమయిందో రాసే చోటే లేదు.

మిగిలిన రెండు జంటల్లో ఉన్నది ఒకే మనిషి కాదు. ఒక జంట తోడికోడళ్లు. ఇద్దరి పేర్లలోనూ లక్ష్మి ఉంది, ఇంట్లో ఉన్న ఒకే ఫోను ఇద్దరికీ రాశారు. ఇంకో జంట ఇద్దరికీ ఫోను లేదు, ఆశా కార్యకర్త తన నంబరే ఇచ్చింది. అంటే జాబితాలో 206 మంది ఉండాలి. పరీక్షకి పిలవాల్సిన ఇద్దరు గర్భిణులు మాయమయ్యారు. సొంత ఫోను లేని ఆడవాళ్లే ఇలా మాయమవుతారు.

మూడోది చెల్లని అంకెలు. మొత్తం ఐదు వచ్చాయి. ఒకటి గర్భిణి వయసు 2 అని, ఇంకొకటి హిమోగ్లోబిన్ 110 అని. అవి రాతలో పొరపాట్లు, సరిచేశారు, బాగుంది. మిగిలిన మూడు వయసు 16, 17 అన్నవి. మా కార్డులో గర్భిణి వయసు 18 నుంచి 49 దాకా ఉంటేనే చెల్లుతుంది. మూడింటినీ 19 చేశారు.

"పదిహేడు వేస్తే ఎర్రగా చూపిస్తుందక్కా. పైనుంచి ఫోను వస్తుంది. ఆ పిల్ల ఇంటివాళ్లు కూడా కేసవుతుందని భయపడతారు. మధ్యలో మాట పడేది నేనే" అంది ఒక ఏఎన్‌ఎం. ఆమెను తప్పుపట్టి లాభం లేదు. మార్కులు పోయేది ఆమెకి. గీత గీసింది వేరేవాళ్లు.

రెండేళ్ల గర్భిణి ఉండడం అసాధ్యం. పదిహేడేళ్ల గర్భిణి ఉండడం అసాధ్యం కాదు, చట్టం ఒప్పుకోనిది. ఈ రెండింటినీ కార్డు ఒకే గాటన కట్టింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకుండా పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. అలాంటిచోట ఒక మండలం జాబితాలో 18 లోపు గర్భిణి ఒక్కరూ లేకుండా, 18, 19 దగ్గర మాత్రం పేర్లు గుంపుగా ఉంటే అనుమానించాలి.

కాబట్టి మనం అడగవలసినవి నాలుగు. ఖాళీ గడికి కారణం రాసే వీలుండాలి, కారణం రాసిన ఖాళీకి మార్కులు తగ్గించకూడదు. ఒకేలా ఉన్న పేర్లను ఏఎన్‌ఎంని అడగకుండా కొట్టేయకూడదు, ఒకే మనిషయితే రెండు వరసలనూ కలపాలి. 18 లోపు వయసుని తప్పుగా కాకుండా విడిగా లెక్కించాలి. ఏ అంకె మార్చినా పాత అంకె, మార్చినవారు, తేదీ నిలిచి ఉండాలి.

మన వైపునుంచి చేయగలిగిన పని కూడా ఒకటుంది. పేర్లు, ఫోను నంబర్లు మనకి అక్కర్లేదు, ఆ ఆడవాళ్ల గోప్యత వాళ్లది. దిద్దకముందు అంకెలు, దిద్దిన తర్వాత అంకెలు ఉపకేంద్రాల వారీగా ఇమ్మని సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. ఈసారి మీ మండలం కార్డుకి పచ్చరంగు వస్తే, ఏయే గడులు మారాయో ముందు చూడండి. మా మండలంలో ఆ బాలింత చావు ఇంకా సున్నాగానే ఉంది. దాన్ని ఒకటి చేయమని మేము అర్జీ పెట్టాం.